వరుస ఎక్కడ తెగాలి?

కంప్యూటర్‌లో చెట్టు తలకిందులుగా ఉంటుంది: వేరు పైన, కొమ్మలు కింద. మన చెట్టుకు వేరు 1, దాని పిల్లలు 2, 3. 2కి పిల్లలు 4, 5. 3కి 6 ఒక్కటే. ఒక్కో లెవెల్‌ను ఒక్కో లైనులో అచ్చువేయాలి.

దీనికి క్యూ చాలు. రేషన్ షాపు ముందు లాగే ముందొచ్చినవాళ్లు ముందు వెళ్తారు. వేరును క్యూలో పెట్టి, ముందున్న నోడ్‌ను తీసి అచ్చువేసి, దాని పిల్లలను చివర చేర్చాలి. ఇంతవరకు క్రమం సరిగ్గానే వస్తుంది, కానీ లైను ఎక్కడ మారాలో క్యూకి తెలియదు.

కిటుకల్లా లెవెల్ మొదట్లోనే క్యూలో ఎందరున్నారో లెక్కపెట్టుకోవడం. ఆ క్షణంలో అందులో ఉన్నది సరిగ్గా ఒక్క లెవెలే.

```
int n = q.size();
for (int i = 0; i < n; i++)
```

2, 3 ఉన్నప్పుడు n రెండు. ఆ రెండూ బయటికొచ్చేసరికి 4, 5, 6 చేరి ఉంటాయి. అప్పుడు లైను మార్చి, మళ్లీ లెక్కపెడితే మూడు.

చాలామంది `i < q.size()` అని రాసేస్తారు. తీసేకొద్దీ, చేర్చేకొద్దీ ఆ లెక్క మారిపోతుంది. మన చెట్టుకు మొదటి లైనులో 1 2 3, తర్వాత 4 5, చివర 6 వస్తాయి. అంకెల క్రమం చెడదు కాబట్టి తప్పు తొందరగా కంటపడదు. మొదటి లైనులో వేరు ఒక్కటే ఉందో లేదో చూస్తే పట్టేయొచ్చు.

చెట్టు ఖాళీ అయితే మాత్రం వేరును క్యూలో పెట్టకముందే ఆగిపోవాలి.