ఆట ఆగకుండా పిక్సెళ్లు తగ్గించే లెక్క

2008లో సోనీకి చెందిన లివర్‌పూల్ స్టూడియో ప్లేస్టేషన్ 3 కోసం ‘వైపౌట్ హెచ్‌డీ’ అనే రేసింగ్ ఆటను విడుదల చేసింది. సెకనుకు 60 బొమ్మలు చూపాలన్నది వాళ్ల పట్టుదల. దారి ఖాళీగా ఉన్నప్పుడు అది సాధ్యమే. పేలుళ్లు, పొగ తెర నిండా కమ్ముకున్నప్పుడే చిక్కంతా.

సెకనుకు 60 బొమ్మలంటే ఒక్కో బొమ్మకు దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. గీయడానికి 17 పట్టినా గడువు దాటినట్టే. అప్పుడు టీవీ పాత బొమ్మనే మరోసారి చూపిస్తుంది, ఆట తడబడినట్టు కనిపిస్తుంది. అందుకే ఆ స్టూడియో బొమ్మ ఎత్తును 1080 వరుసల దగ్గరే ఉంచి, బరువు పెరిగినప్పుడు వెడల్పును మాత్రం 1920 పిక్సెళ్ల నుంచి 1280 దాకా తగ్గించింది. గీసిన బొమ్మను మళ్లీ తెర నిండా సాగదీసి చూపించింది. అంత వేగంలో ఆ తేడా కంటికి దాదాపు ఆనదు.

ఒక ఉదాహరణతో లెక్క చూద్దాం. పేలుడు వల్ల ఒక బొమ్మకు గ్రాఫిక్స్ చిప్ 20 మిల్లీసెకన్లు తీసుకుందనుకుందాం. అందులో 4 మిల్లీసెకన్ల పని పిక్సెళ్లతో సంబంధం లేనిది, అది తగ్గదు. మిగతా 16 పిక్సెళ్ల సంఖ్యను బట్టి మారుతుంది. మొత్తం 15కి రావాలంటే ఆ 16ని 11 చేయాలి. అంటే పిక్సెళ్లు 69 శాతానికి తగ్గాలి. వెడల్పు 1320కి దించితే సరిపోతుంది.

గడువు 16.7 అయితే 15కే ఎందుకు గురిపెట్టాలి? ఒక బొమ్మకు ఎంత సమయం పట్టిందో అది గీయడం పూర్తయ్యాకే తెలుస్తుంది. దిద్దుబాటు ఆ తర్వాతి బొమ్మలకే అందుతుంది. ఈలోగా బరువు ఇంకాస్త పెరిగినా తట్టుకోవడానికి ఆ వెసులుబాటు. అలాగే పిక్సెళ్లను తగ్గించేటప్పుడు వెంటనే తగ్గిస్తారు, పెంచేటప్పుడు నెమ్మదిగా పెంచుతారు. రెండూ ఒకే వేగంతో చేస్తే బొమ్మ మాటిమాటికీ మసకబారుతూ, తేటపడుతూ కళ్లను ఇబ్బంది పెడుతుంది. స్కోరు, అక్షరాలు, మ్యాపు మాత్రం సాధారణంగా పూర్తి రిజల్యూషన్‌లోనే గీస్తారు. అక్షరం మసకబారితే ఇట్టే తెలిసిపోతుంది మరి.

ఈ ఉపాయం పనిచేసేది ఆలస్యం గ్రాఫిక్స్ చిప్ వల్ల అయినప్పుడే. వందల మంది శత్రువుల కదలికలు లెక్కకట్టలేక ప్రాసెసర్ వెనకబడితే, పిక్సెళ్లు ఎన్ని తగ్గించినా ఫలితం ఉండదు. మీ కంప్యూటర్‌లో ఆట తడబడుతుంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి రిజల్యూషన్ బాగా తగ్గించి చూడండి. ఆట సాఫీగా సాగితే భారం గ్రాఫిక్స్ చిప్‌దే. ఏ మార్పూ లేకపోతే కారణం మరోచోట, చాలాసార్లు ప్రాసెసర్ దగ్గర, ఉందని అర్థం.