సాయంత్రం సాధనకు ముందు ఒక కప్పు: కెఫీన్ లెక్క

రాజమండ్రి నుంచి బదిలీ మీద సూరత్ వచ్చిన పిల్లలకు మొదటి వారంలోనే ఒక వింత ఎదురవుతుంది. ఇక్కడ ఎంతకీ పొద్దుగూకదు. రెండు ఊళ్ళకూ మధ్య దాదాపు 9 డిగ్రీల రేఖాంశం తేడా ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అది 36 నిమిషాలు. జూన్ నెలలో అయితే సూర్యాస్తమయంలో తేడా ముప్పావు గంట దాకా వస్తుంది. గడియారం మాత్రం దేశమంతటికీ ఒకటే.

ఎండ తగ్గితే గాని మైదానంలోకి దిగలేం కాబట్టి, అక్కడ ఐదుంబావుకు మొదలయ్యే పరుగు సాధన ఇక్కడ ఆరింటికి మొదలవుతుంది. సాధనకు ముందు తాగే టీ, కాఫీ కూడా దాంతోపాటే వెనక్కి జరుగుతాయి. పొద్దున బడి బస్సు మాత్రం వెనక్కి జరగదు. అందుకే ఆ కప్పు సంగతి కాస్త లెక్కకట్టి చూద్దాం.

ముందుగా, కెఫీన్ శక్తినిస్తుందన్న మాట సరికాదు. శక్తి అన్నం నుంచి, రొట్టె నుంచి, అరటిపండు నుంచి వస్తుంది. కెఫీన్ చేసే పని వేరు. మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. మెదడు కణాల మీద దానికంటూ కొన్ని చోట్లున్నాయి. అది అక్కడ చేరితే అలసట, మత్తు తెలుస్తాయి. కెఫీన్ రూపంలో కొంత అడినోసిన్‌ను పోలి ఉంటుంది కనుక, ముందే వెళ్ళి ఆ చోట్లను ఆక్రమిస్తుంది. జనరల్ బోగీలో తువ్వాలు వేసి సీటు ఆపడం మీకు తెలియనిది కాదు కదా, అలాగన్న మాట. అడినోసిన్ ఎక్కడికీ పోలేదు, నిలబడి ఉంది. కెఫీన్ లేవగానే కూర్చుంటుంది.

ఆటగాడికి దీనివల్ల మేలు ఉన్న మాట నిజమే. అంతే పరుగు పరిగెత్తినా శ్రమ తక్కువగా తోస్తుంది, కాబట్టి ఇంకాస్త సాగగలడు. పెద్దవాళ్ళ మీద జరిగిన ప్రయోగాలలో శరీర బరువు కిలోకు 3 నుంచి 6 మిల్లీగ్రాముల కెఫీన్ సుమారు గంట ముందు తీసుకుంటే, ఎక్కువసేపు సాగే పరుగు, సైక్లింగ్ వంటివాటిలో 2 నుంచి 4 శాతం దాకా మెరుగుదల కనిపించింది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2004లో కెఫీన్‌ను నిషిద్ధ పదార్థాల జాబితా నుంచి తొలగించింది గాని, దాని వాడకాన్ని ఇప్పటికీ గమనిస్తూనే ఉంది.

ఇక మన కప్పులో ఎంత ఉంటుంది? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల ప్రకారం 150 మిల్లీలీటర్ల ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. సూరత్ లారీ మీద దొరికే కటింగ్ చాయ్ ఇందులో సగం కప్పే.

పదకొండో తరగతి అబ్బాయి ఒకడున్నాడనుకుందాం. బరువు 50 కిలోలు. 1500 మీటర్ల పరుగుకు సాధన చేస్తున్నాడు. ఆరింటికి మైదానానికి వెళ్ళాలి. ఇంట్లో అమ్మ వేసిన ఫిల్టర్ కాఫీ ఐదుంబావుకు తాగాడు. 100 మిల్లీగ్రాములనుకుంటే కిలోకు 2 చొప్పున పడింది. ప్రయోగాల్లో వాడిన మోతాదుకు ఇది తక్కువే. తాగిన ముప్పావు గంటకో గంటకో రక్తంలో కెఫీన్ గరిష్ఠంగా ఉంటుంది, కాబట్టి సమయం సరిపోయింది. సాధన బాగానే సాగింది.

అసలు లెక్క ఆ తర్వాత మొదలవుతుంది. ఒంట్లోని కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. కొందరిలో ఇంకా ఎక్కువసేపు పడుతుంది. రాత్రి పదుంబావుకు పడుకునేటప్పటికి మన అబ్బాయిలో ఇంకా 50 మిల్లీగ్రాములున్నాయి. అంటే ఒక కప్పు టీ తాగి మంచమెక్కినట్టే.

మరి కాఫీని కాస్త ముందుకు జరిపితే? రాజమండ్రిలో లాగా నాలుగున్నరకే తాగాడనుకోండి. పదుంబావుకు 45 మిల్లీగ్రాములు మిగులుతాయి. ముప్పావు గంట జరిపినందుకు లాభం 5 మిల్లీగ్రాములు. పాతిక్కి దిగాలంటే 10 గంటలు కావాలి, అంటే మధ్యాహ్నం పన్నెండుంబావుకే తాగాలి. అప్పుడది సాధనకు ముందు తాగిన కాఫీ కానే కాదు. సాయంత్రం ఆటకు కెఫీన్‌తో వచ్చే చిక్కంతా ఇక్కడే ఉంది. వేళ మార్చి దీన్ని తప్పించుకోలేం, మోతాదు తగ్గించాల్సిందే.

మోతాదు తగ్గిస్తే ఏమవుతుందో కూడా చూడాలి. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పిన ప్రకారం, పడుకునే వేళకు దగ్గరగా తీసుకుంటే కిలోకు 1.4 మిల్లీగ్రాములే కొందరు పెద్దవాళ్ళలో నిద్రను ఆలస్యం చేయగలవు. మన అబ్బాయి బరువుకు అది 70 మిల్లీగ్రాములు. పరుగుకు గట్టిగా ఉపయోగపడాలంటే 150 కావాలి. అంటే మేలు చేసే మోతాదులో సగానికే నిద్ర కదిలిపోవచ్చు. పైగా పిల్లలకు రోజంతటికీ కలిపి కిలోకు 3 మిల్లీగ్రాములు దాటకూడదని అదే సంస్థ అంటోంది. 150 మిల్లీగ్రాములు ఒక్క సాయంత్రమే తాగేస్తే, పొద్దున టీకి లెక్కలో చోటే లేదు.

కాఫీ తాగినా తనకు నిద్ర పడుతుందని చెప్పేవాళ్ళు ప్రతి తరగతిలోనూ ఉంటారు. అమెరికాలోని డెట్రాయిట్‌లో జరిపిన ఒక పరిశోధన ఫలితం 2013లో వెలువడింది. అందులో పెద్దవాళ్ళకు పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాములు ఇచ్చారు. అది చాలా పెద్ద మోతాదు. నిద్రను కొలిచే పరికరంలో గంటకు పైగా తగ్గుదల కనిపించింది. వాళ్ళు రాసుకున్న డైరీల్లో మాత్రం ఆ తేడా సరిగా కనబడలేదు. నిద్ర పట్టడం వేరు, సరిపడా పట్టడం వేరు. అందుకని రాత్రి సంగతి మన నోటి మాట కన్నా పొద్దున నయంగా చెబుతుంది. అలారం మోగినా లేవలేకపోవడం, మూడో పీరియడ్‌లో కునుకు, ఆదివారం పది దాకా పడుకోవడం, నిన్నటి పరుగే ఇవాళ బరువుగా తోచడం గమనించండి. ఆ బరువు పోవడానికి ఇంకో కప్పు కావాల్సి వస్తోందంటే చక్రం మొదలైనట్టే. మీ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పదుంబావుకు పడుకుని ఐదున్నరకు లేచేవాడికి అసలే ముప్పావు గంట తక్కువ.

తెలుసుకోవడానికి సులువైన దారి ఉంది. రెండు వారాలు నోటుపుస్తకంలో తాగిన వేళ, పడుకున్న వేళ, లేచిన తీరు, పరుగు టైము రాయండి. మొదటి వారం మామూలుగా తాగండి, రెండో వారం మధ్యాహ్నం తర్వాత మానేయండి. రోజూ తాగేవాళ్ళకు మానిన మొదటి రెండు మూడు రోజులు తలనొప్పి రావచ్చు, చిరాకుగా ఉండవచ్చు. ఆ రోజుల టైములు లెక్కలోకి తీసుకోకండి. పోటీల వారంలో మాత్రం ఈ పరీక్ష పెట్టుకోవద్దు.

ఎనర్జీ డ్రింకుల డబ్బాలు ఈ లెక్కలోకే రావు. మన దేశ నిబంధనల ప్రకారం వాటిలో లీటరుకు 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండవచ్చు, పిల్లలకు తగదని డబ్బా మీదే రాసి ఉండాలి. ఈసారి తిప్పి చదవండి.

సాయంత్రం సాధనకు నా ఓటు మంచినీళ్ళకూ, ముప్పావు గంట ముందు తినే అరటిపండుకూ. టీ లేనిదే కాలు కదలదనేవాళ్ళు సగం కప్పు కటింగ్‌తో ఆపితే నిద్రకు పెద్దగా నష్టం లేదు, పరుగుకు పెద్దగా లాభమూ లేదు. ఆదివారం పొద్దున తొమ్మిదింటి మ్యాచ్ సంగతి వేరు. ఎనిమిదింటికి ఒక కప్పు టీ తాగితే, 40 మిల్లీగ్రాముల లెక్కన రాత్రి పదింటికి మిగిలేది ఆరు లోపే.