సీసా మీది చుక్క

మైలుతుత్తం సీసా పట్టుకోకుండా కెమిస్ట్రీ ల్యాబు దాటి వచ్చిన విద్యార్థి ఉండడు. ఆ సీసా లేబుల్ మీద CuSO₄·5H₂O అని ఉంటుంది. మధ్యలో ఒక చుక్క, దాని తర్వాత ఐదు నీటి అణువులు. స్ఫటికాలకు నీలం రంగు ఆ నీళ్ల వల్లే వస్తుంది. ద్రావణాల లెక్కల్లో వచ్చే ఒక పెద్ద తప్పు కూడా ఆ నీళ్ల వల్లే వస్తుంది.

పావు లీటరు 0.1 మోలార్ కాపర్ సల్ఫేట్ ద్రావణం కావాలనుకుందాం. మొలారిటీ అంటే లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌లు ఉన్నాయన్న లెక్క. లీటరుకు 0.1 మోల్ అయితే పావు లీటరుకు 0.025 మోల్. త్రాసుకు మోల్‌లు తెలియవు, గ్రాములే తెలుసు. కాబట్టి ఒక మోల్ బరువెంతో చూడాలి. నోటుబుక్కులో CuSO₄ అని రాసుకున్నవాడు 159.6 అని పట్టుకుని, 0.025తో గుణించి 3.99 గ్రాములు తూస్తాడు. గుణకారం సరిగ్గానే ఉంది. కానీ అతని చేతిలో ఉన్న సీసా నీళ్లు లేని CuSO₄ది కాదు. నీళ్లతో కలిపితే మోల్ బరువు 249.7. తూయాల్సింది 6.24 గ్రాములు. 3.99 గ్రాములే వేస్తే ద్రావణం 0.064 మోలార్ దగ్గర ఆగిపోతుంది, అంటే అనుకున్నదానికంటే మూడో వంతుకు పైగా పలుచన.

ఈ తప్పు కంటికి కనపడదు. రెండూ నీలంగానే ఉంటాయి, పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేడా తెలియదు. అందుకే మోల్ బరువును గుర్తున్నదాన్ని బట్టో, పుస్తకం చూసో వేయకూడదు. తూయబోయే సీసా లేబుల్ మీదున్న అంకెనే తీసుకోవాలి. స్ఫటికాల మీద తెల్లటి పొడి కనిపిస్తే కొంత నీరు ఎగిరిపోయిందని అర్థం. అప్పుడు 249.7 కూడా నిజం కాదు, వేరే సీసా తెరవడమే మంచిది.

క్యాలిక్యులేటర్ తీసే ముందు నోటితో ఒక ఉజ్జాయింపు వేసుకోవడం నా దృష్టిలో అన్నిటికంటే మేలైన జాగ్రత్త. పావు లీటరులో 0.1 మోలార్ అంటే మోల్‌లో నలభయ్యో వంతు. 250ని నలభైతో భాగిస్తే ఆరూ పావు. ఇప్పుడు క్యాలిక్యులేటర్ 62.4 అనో 0.624 అనో చూపిస్తే దశాంశ బిందువు జారిందని వెంటనే పట్టేయవచ్చు. ఇలాంటి జారుడు ఎక్కువగా మిల్లీలీటర్లను లీటర్లలోకి మార్చే చోటే జరుగుతుంది. 250 మి.లీ.ని 0.25 లీటరుగా మొదటే రాసుకుని, ప్రతి అంకె పక్కనా దాని ప్రమాణం రాస్తే సగం బెడద తప్పుతుంది.

తూకం వేసేటప్పుడు సరిగ్గా 6.24 రావడం కోసం గింజ గింజా తీసి వేస్తూ కూర్చునేవాళ్లుంటారు. అవసరం లేదు. 6.31 గ్రాములు పడిందా, పడనివ్వండి. 6.31ని 249.7తో భాగించి నాలుగుతో గుణిస్తే 0.1011 మోలార్. అదే లేబుల్ మీద రాయండి. ఎక్కువైన పొడిని తిరిగి సీసాలో పోయడం మాత్రం వద్దు. అలా పోస్తే ఆ సీసా మొత్తం అనుమానాస్పదమవుతుంది.

తూచిన పొడిని బీకరులో కొద్ది నీళ్లలో కరిగించి, గరాటు పెట్టి 250 మి.లీ. వాల్యుమెట్రిక్ ఫ్లాస్కులోకి ఒంపాలి. బీకరును, గరాటును రెండు మూడుసార్లు కడిగి ఆ నీళ్లు కూడా అందులోనే పోయాలి. ఆ తర్వాత మెడ మీది గీత దాకా నీళ్లు నింపాలి. 250 మి.లీ. నీళ్లు ముందే కొలిచి అందులో పొడి వేయడం వేరు, పొడి కరిగిన ద్రావణాన్ని 250 మి.లీ.కి తీసుకురావడం వేరు. మొలారిటీకి కావలసింది రెండోది. గీత దాటితే పిప్పెట్‌తో తీసేస్తే సరిపోదు, నీళ్లతో పాటు కాపర్ సల్ఫేట్ కూడా పోతుంది. పారబోసి మళ్లీ చేయాల్సిందే.

ఇదే మైలుతుత్తం తోటలోకి వెళ్తే మోల్‌లు మాయమై శాతాలు వస్తాయి. ఒక శాతం బోర్డో మిశ్రమానికి వంద లీటర్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం. ఇక్కడ శాతమంటే వంద మి.లీ.లో ఎన్ని గ్రాములన్న లెక్క. ఒక శాతం అంటే లీటరుకు పది గ్రాములు. ఇందులో చుక్క గొడవ లేదు, స్ఫటికాలను ఉన్నదున్నట్టు తూస్తారు. మరో గొడవ ఉంది. మందు ప్యాకెట్ల మీద 'లీటరు నీటికి 2 గ్రాములు' అని చదివి అలవాటైనవాళ్లు దాన్నే రెండు శాతం అనుకుంటారు. నిజానికి అది 0.2 శాతం. ఆ అలవాటుతో ఒక శాతానికి లీటరుకు గ్రాము చొప్పున కలిపితే పదో వంతే పడుతుంది. బత్తాయి, నిమ్మ చెట్ల మొదళ్లకు పూసే బోర్డో పేస్టు పది శాతం, అంటే లీటరుకు వంద గ్రాములు.

పది శాతం ద్రావణం ముందే చేసి పెట్టుకుని వాడేటప్పుడు పలుచన చేస్తే C₁V₁ = C₂V₂ అన్న సూత్రం చాలు. పది శాతం నుంచి ఒక శాతానికి రావాలంటే ఒక లీటరు స్టాకు మొత్తం పది లీటర్లు కావాలి. అంటే కలిపే నీళ్లు తొమ్మిది లీటర్లు, పది కాదు. V₂ మొత్తం పరిమాణం, పోసే నీళ్లు కావు. 'ఒకటికి పది' అని ఎవరైనా చెబితే మొత్తం పదా, నీళ్లు పదా అని అడిగి తెలుసుకోండి.

గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా దగ్గర లెక్క ఇంకో మెలిక తిరుగుతుంది. దాని మీద 37 శాతం అని ఉంటే అది వంద మి.లీ.కి కాదు, వంద గ్రాములకు. పక్కనే సాంద్రత 1.18 అని ఉంటుంది. లీటరు ఆమ్లం 1180 గ్రాములు తూగుతుంది, అందులో 37 శాతం అంటే దాదాపు 437 గ్రాములు. దాన్ని మోల్ బరువు 36.46తో భాగిస్తే సుమారు 12 మోలార్. అర లీటరు 1 మోలార్ ఆమ్లానికి 41.7 మి.లీ. చాలు. సాంద్రత చూడకుండా లీటరులో 370 గ్రాములే ఉందనుకుంటే స్టాకు 10.15 మోలార్‌గా కనిపిస్తుంది, 49.3 మి.లీ. పోస్తారు, ద్రావణం 1.18 మోలార్ అవుతుంది. మరచిపోయిన సాంద్రతే జవాబులో తప్పుగా తేలిందన్నమాట. పోసేటప్పుడు కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకుని, పొగ బయటికి పోయే చోట నిలబడి, సగానికి పైగా నీళ్లున్న పాత్రలోకి ఆమ్లాన్ని కొద్దికొద్దిగా ఒంపాలి. ఆమ్లంలోకి నీళ్లు పోయకూడదు.

అంతా సరిగ్గా చేసినా దాన్ని 1.000 మోలార్ అని రాయడానికి వీల్లేదు. సీసా మూత తీసిన ప్రతిసారీ కొంత వాయువు ఎగిరిపోతుంది కాబట్టి 37 అన్నది ఉజ్జాయింపే. ఎండబెట్టిన సోడియం కార్బొనేట్‌ను తూచి, దానితో టైట్రేషన్ చేసి వచ్చిన అంకెనే ఆ ఆమ్లం సీసా లేబుల్ మీద తేదీతో సహా రాయండి. కాపర్ సల్ఫేట్ సీసా లేబుల్ మీద చుక్కనూ, దాని తర్వాతి ఐదు నీళ్లనూ వదలకుండా రాయండి.