కీళ్ళ నొప్పులు - వంకాయ మీద మోపిన నేరం

మన బాబుపేట్ ఇళ్ళలో నలభై దాటినవారికి మోకాలు పట్టిందంటే మొదట మానిపించేది వంకాయ. "వంకాయ వాతం" అని మన పెద్దలు అంటూ వచ్చారు. పక్కింటి మరాఠీవారు కూడా "వాంగీ వాతూళ్" అంటూనే కార్తీకం రాగానే భరీత్ కాల్చుకుంటారు. ఇప్పుడు ఈ పాత మాటకు కొత్త తోడు దొరికింది. ఫోనులో వచ్చే సందేశాలలో వంకాయతోపాటు టమాటా, బంగాళదుంప, మిరపకాయ కూడా కీళ్ళకు శత్రువులని, ఇవన్నీ ఒకే విషపు కుటుంబమని చెబుతున్నారు. నాలుగూ మానేస్తే మన వంటింట్లో మిగిలేదెంత? గుత్తివంకాయ పోయింది, టమాటా పప్పు పోయింది, ఆఖరికి ఊరగాయలో కారం కూడా పోయింది. కనుక ఈ నేరం నిజమో కాదో విచారించడం అవసరమని మాకు తోచినది.

ముందుగా ఆ కుటుంబం మాట. ఈ నాలుగూ వృక్షశాస్త్రంలో ఒకే కుటుంబానికి చెందినవన్నది నిజమే. దానికి సొలనేసీ అని పేరు. పొగాకు, ఉమ్మెత్త కూడా అందులోవే. అయితే ఒక కుటుంబంలో ఒకడు దొంగ అయినంత మాత్రాన అందరినీ జైలులో పెట్టరు. పైగా కీళ్ళ నొప్పులకు మన వైద్యులు ఇచ్చే అశ్వగంధ, అనగా పెన్నేరు గడ్డ, అదే కుటుంబం. దశమూలాలలోని వాకుడు, ములక కూడా ఆ ఇంటివే. మిరపకారంలోని ఘాటు పదార్థాన్ని తీసి మోకాళ్ళ మీద రాసే లేపనాలలో కలుపుతున్నారు. ఒకే కుటుంబం నొప్పిని పెంచుతుందని ఒకరు, తగ్గిస్తుందని మరొకరు అంటున్నారన్నమాట. కుటుంబం పేరు చూసి తీర్పు చెప్పడం కుదరదని దీనివల్లనే తెలుస్తున్నది.

ఈ నాలుగింటినీ కలిపి మానమనే సలహా ఎక్కడ పుట్టినది? అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయంలో నార్మన్ చిల్డర్స్ అనే ఆచార్యుడు వుండేవారు. ఆయన వైద్యుడు కారు, తోటల పెంపకం బోధించేవారు. ఈ కూరలు మానిన తరువాత తన కీళ్ళ నొప్పులు తగ్గాయని ఆయన నమ్మారు. 1977లో ఈ విషయమై ఒక పుస్తకం వెలువరించారు. తరువాత వెయ్యిమందికి పైగా మనుషులచేత ఈ కూరలు మానిపించి, ఉత్తరాల ద్వారా ప్రశ్నలు అడిగి, చాలామందికి మేలు చేసిందని ప్రకటించారు.

ఆయన నిజాయితీని మేము శంకించడం లేదు. కాని ఆ లెక్కలో ఒక లోటున్నది. కూరలు మానని మరో గుంపును పక్కన పెట్టి పోల్చలేదు. కీళ్ళ నొప్పి అలల వంటిది. ఒక నెల పొంగుతుంది, మరో నెల దానంతటదే తగ్గుతుంది. ఎవరైనా నొప్పి బాగా ముదిరినప్పుడే పథ్యం మొదలుపెడతారు. ఆ తరువాత సహజంగా తగ్గిన నొప్పి కూడా పథ్యం ఖాతాలోనే జమ అవుతుంది. మేలు కలగనివారు విసిగి జవాబు రాయడమే మానేస్తారు. మిగిలిన ఉత్తరాలన్నీ పొగడ్తలే అవుతాయి.

ఇక విషం మాట. బంగాళదుంపలో సొలనిన్ అనే చేదు పదార్థం వున్నది. మామూలు దుంపలో అది బహు స్వల్పం. కిలోకు 200 మిల్లీగ్రాములు దాటరాదని పెట్టుకున్న హద్దుకు అది చాలా లోపల వుంటుంది. వెలుగు తగిలి పచ్చబడిన దుంపలో, మొలకలలో మాత్రం పెరుగుతుంది. ఒకప్పుడు లండనులో ఒక బడిలో చెడిన పాత దుంపలు తిని 78 మంది పిల్లలు జబ్బుపడ్డారు. వారికి వచ్చినవి వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి, జ్వరం. కొందరు స్పృహ తప్పారు. అందరూ కోలుకున్నారు. ఈ విషం ఎక్కువైతే ముందు పట్టుకునేది కడుపును, నరాలను అని దీనివల్ల తెలుస్తున్నది. ఏళ్ళ తరబడి మోకాలు అరగడం దాని లక్షణం కాదు. కనుక పచ్చబడిన దుంప పారవేయండి, మొలకలు కోసివేయండి. మంచి దుంపను భయపడి మానవలసిన పని లేదు.

అయితే "నాకు పడదు" అనే మాట అంతా భ్రమేనా? కాదు. ఇక్కడే రెండు సంగతులు విడదీసి చూడాలి.

మైసూరులో ఆహార పరిశోధకులు 741 మందిని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. వంకాయ పడని సూచనలు సుమారు నూటికి తొమ్మిదిమందిలో కనిపించాయి. కాని రక్తపరీక్షతో అసలైన ఎలర్జీ అని తేలినవారు నూటికి ఒకరు కూడా లేరు. వారిలో ఆడవారే ఎక్కువ. అటువంటివారికి వంకాయ తిన్న కొద్దిసేపటికే నోరు, గొంతు దురద పెడతాయి, ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి. వంకాయలో హిస్టమిన్ అనే దురద పుట్టించే పదార్థం కూడా కొంత వుండటంవల్ల, ఎలర్జీ లేనివారికి సైతం ఒక్కొక్కప్పుడు నోరు చుర్రుమంటుంది. ఇది నిజమైన పడకపోవడం. కాని ఇందులో మోకాలి ప్రసక్తి లేదు.

కీళ్ళ వరకు వచ్చే పడకపోవడం కూడా అరుదుగా వున్నది. అమెరికాలో పనుష్ అనే వైద్యుడు, ఫలానా ఆహారంవల్ల కీళ్ళు నొస్తాయని గట్టిగా చెప్పేవారిని చేరదీశారు. అనుమానపు పదార్థాన్ని గొట్టపు మాత్రలలో పెట్టి, ఏ మాత్రలో ఏమున్నదో రోగికి చెప్పకుండా ఇచ్చారు. 1990లో ప్రకటించిన ఆ పరీక్షలలో పదిహేను, పదహారుమందిలో ముగ్గురికి మాత్రమే నొప్పి, వాపు నిజంగా పెరిగాయి. అంతకుముందు 1986లో ఆయన వివరించిన ఒక స్త్రీకి కీళ్ళవాపు తెచ్చినది వంకాయా కాదు, టమాటా కాదు, పాలు!

టమాటా విషయంలో ఒక చిన్న మినహాయింపు చెప్పాలి. గౌట్ అనే జబ్బులో రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగి, తరచు కాలి బొటనవేలు రాత్రికి రాత్రి ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనట్లు వుంటుంది. న్యూజీలాండులో రెండువేల మందికి పైగా గౌట్ రోగులను అడిగితే, ఏదో ఒక ఆహారం తమకు నొప్పి తెప్పిస్తుందన్నవారిలో అయిదుగురికి ఒకరు టమాటా పేరు చెప్పారు. టమాటా ఎక్కువ తినేవారి రక్తంలో ఆ ఆమ్లం కొద్దిగా ఎక్కువ వుంటున్నదని కూడా 2015లో వారే తేల్చారు. కనుక గౌట్ వున్నవారు టమాటాను గమనించుకోవడం సబబే. అయినా వారి జాబితాలో ముందున్నవి సముద్రపు చేపలు, సారా, మాంసం.

ఎవరికి వారు తేల్చుకోవడమెలా? మా వీధిలో ఒక పిన్నిగారున్నారు. వయసు యాభై ఎనిమిది. ఏడాదిగా ఈ నాలుగు కూరలూ మాని, చప్పిడి తిండితో చిక్కిపోయారు. గళ్ళు గీయడం మా గుమాస్తా ఉద్యోగంలో రోజువారీ పని గనుక, ఆమెకొక నోటుపుస్తకం గీసి ఇచ్చాము. గళ్ళు నాలుగు: పొద్దున కీళ్ళు బిగుసుకొని వున్న నిమిషాలు, రాత్రికి నొప్పికి సున్న నుంచి పది వరకు ఒక అంకె, తిన్న కూర, ఆ రోజు చేసిన బరువు పని. మందులు మార్చరాదని షరతు.

మొదటి మూడు వారాలు కూరలేమీ లేవు. నొప్పి అంకె సుమారు అయిదు. తరువాత మూడు రోజులు వరుసగా బంగాళదుంప, నాలుగు రోజులు విరామం. ఆపైన అదే క్రమంలో టమాటా, మిరపకారం, చివరకు వంకాయ. ఒకేసారి రెండు కూరలు కలపలేదు. కలిపితే నేరం ఎవరిదో తేలదు. టమాటాను మాత్రం కోడలు ఆమెకు చెప్పకుండా చింతపండు సాంబారులో ఉడికించి మెదిపి, కొన్ని రోజులు వేసి కొన్ని రోజులు మానినది. కోడలు విడిగా రాసుకున్న చీటీతో ఆఖరున పోల్చి చూశాము.

అంకె అయిదు చుట్టూనే తిరిగినది. ఎనిమిదికి ఎగబాకిన రోజులు నాలుగు. ఒకటి మేనకోడలి పెళ్ళిపని, ఒకటి దుప్పట్లు ఉతికిన రోజు, రెండు మేడమెట్లు పదేపదే ఎక్కిన రోజులు. ఆ నాలుగింటిలో మూడు రోజులు ఆమె ఏ అనుమానపు కూరా తినలేదు. పొద్దుటి బిగువు ఎన్నడూ పది నిమిషాలు దాటలేదు. పుస్తకం చూసిన వైద్యుడు ఇది మోకాలి అరుగుదల అని చెప్పి, తొడ కండరాలకు వ్యాయామం నేర్పారు. అయితే వంకాయ తిన్న మూడు రోజులూ అరగంటలో నోరు దురద పెట్టినట్లు వున్నది. వంకాయ ఆమెకు పడదు, నిజమే. కాని పడనిది నోటికి, మోకాలికి కాదు! ఇప్పుడామె వంకాయ ఒక్కటి వదిలి, తక్కిన మూడూ తింటున్నారు.

ఒక హెచ్చరిక. ఏ కూరవల్లనైనా ఒకప్పుడు పెదవులు వాచినవారు, ఊపిరి ఆడనివారు ఈ పరీక్ష ఇంట్లో చేయరాదు. వారు వైద్యుని దగ్గరనే చేయించుకోవాలి.

వంకాయను నిందిస్తూ కూర్చుంటే అసలు కారణం చాటున వుండిపోవడమే పెద్ద నష్టం. పొద్దున బిగువు గంటసేపు వుండి, రెండు చేతుల చిన్న కణుపులు వాస్తే అది కీళ్ళవాతం కావచ్చు. నెలలు గడిస్తే కీళ్ళు వంకరపోవచ్చు గనుక వెంటనే చూపించుకోవాలి. మన చంద్రపూర్ జిల్లాలో మరొక కారణం కూడా వున్నది. కొన్ని ఊళ్ళలో బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకుండా వుండటం మంచిది, వేరే నీరు దొరకనప్పుడు ఒకటిన్నర వరకు అనుమతిస్తారు. అంతకు మించిన నీరు ఏళ్ళ తరబడి తాగితే నడుము, మెడ, కీళ్ళు బిగిసిపోతాయి. నల్లగొండ జిల్లాలో చుట్టాలున్నవారికి ఈ జబ్బు గురించి వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో పెద్దలకు వెన్ను బిగిసి, పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు కనిపిస్తే, కూరగాయల బుట్టను వెతికే ముందు బోరు నీటిని పరీక్షకు పంపండి.