జాతకంలో 12 ఇళ్లు అంటే ఏంటి? ఒకటి, నాలుగు, ఏడు, పది ఎందుకంత కీలకం? మారేడుమిల్లి లెక్కతో సులువుగా..

పెళ్లి సంబంధం అన్నీ కుదిరాక జాతకం దగ్గర ఆగిపోతుంది. "అమ్మాయికి ఏడో ఇంట కుజుడు ఉన్నాడు" అని ఒక్క మాట వస్తుంది. ఆ ఏడో ఇల్లు ఎక్కడిది? ఎవరు లెక్కపెట్టారు? పుట్టిన టైమ్ ఓ పావుగంట అటూ ఇటూ అయితే ఆ మాట నిలుస్తుందా? ఇవి తెలియాలంటే ముందు 12 ఇళ్ల సంగతి తెలియాలి. మారేడుమిల్లిలో పుట్టిన బిడ్డ జాతకాన్ని ఉదాహరణగా తీసుకుని ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇల్లు వేరు.. రాశి వేరు

చాలామంది ఇక్కడే తికమకపడతారు. మేషం నుంచి మీనం దాకా 12 రాశులు ఆకాశంలో ఉండే భాగాలు. అవి అందరికీ ఒకటే. ఇళ్లు, అంటే భావాలు, అలా కాదు. అవి పుట్టిన చోటు నుంచి, పుట్టిన నిమిషం నుంచి మొదలవుతాయి. బిడ్డ పుట్టిన క్షణంలో ఆ ఊరికి తూర్పు దిక్కున ఏ రాశి పైకి వస్తోందో అదే లగ్నం. అదే ఒకటో ఇల్లు. అక్కడి నుంచి రాశుల వరుసలో లెక్కపెడితే మిగతా పదకొండూ వస్తాయి.

భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది కాబట్టి 24 గంటల్లో 12 రాశులూ తూర్పున ఒకసారి పైకి వస్తాయి. సగటున ఒక్కోటి రెండు గంటలు. అయితే అన్నీ సమానంగా ఉండవు. మారేడుమిల్లి ఉన్న అక్షాంశంలో మీనం గంటా ముప్పావుకు కాస్త తక్కువ సమయంలోనే దాటిపోతుంది. మిథునానికి రెండుంపావు గంటల దాకా పడుతుంది.

నాలుగు కేంద్రాలు.. సూర్యుడితో చూస్తే ఇట్టే తెలుస్తుంది

2025 జనవరి 16, ముక్కనుమ రోజు తీసుకుందాం. సంక్రాంతి దాటి రెండు రోజులే అయింది కాబట్టి సూర్యుడు మకర రాశి మొదట్లో ఉన్నాడు. ఆ రోజు మారేడుమిల్లిలో నాలుగు వేర్వేరు సమయాల్లో నలుగురు పిల్లలు పుట్టారనుకోండి.

ఉదయం 6.40 ప్రాంతంలో సూర్యోదయం. సూర్యుడు తూర్పున ఉన్నాడు, అదే మకరం తూర్పున ఉంది. అంటే మకర లగ్నం, సూర్యుడు ఒకటో ఇంట్లో. మధ్యాహ్నం 12.15కి సూర్యుడు ఆకాశంలో అన్నిటికన్నా ఎత్తుకు చేరాడు. అప్పుడు తూర్పున మేషం ఉంది. మేషం నుంచి లెక్కిస్తే మకరం పదోది. సూర్యుడు పదో ఇంట్లో ఉన్నట్టు. సాయంత్రం 5.50 సమయంలో సూర్యుడు పడమట కుంగుతుంటే తూర్పున కర్కాటకం వచ్చింది. అక్కడి నుంచి మకరం ఏడోది. అర్ధరాత్రి దాటి 12.15కి సూర్యుడు మన కాళ్ల కింద, భూమికి అవతలి వైపు ఉన్నాడు. తూర్పున తుల. తుల నుంచి మకరం నాలుగోది.

కాబట్టి కేంద్రాలంటే ఆకాశంలో నాలుగు దిక్కులే. ఒకటోది తూర్పు, నాలుగోది కాళ్ల కింద, ఏడోది పడమర, పదోది నడినెత్తి వైపు. శాస్త్రం వీటికి చెప్పే అర్థాలు కూడా ఈ స్థానాలతో పోల్చుకుంటే బాగా గుర్తుంటాయి.

ఒకటోది తను భావం. కొత్తగా వెలుగులోకి వచ్చిన చోటు. శరీరం, రూపం, స్వభావం, ఆరోగ్యం దీని నుంచి చూస్తారు. మిగతా ఇళ్లన్నీ దీన్ని పట్టుకునే లెక్కిస్తారు కాబట్టి ఇది తప్పితే మొత్తం తప్పినట్టే.

నాలుగోది మాతృ భావం. కంటికి కనపడని, కాళ్ల కింద ఉన్న ఆధారం. తల్లి, సొంత ఇల్లు, భూమి, వాహనం, మనసుకు ఉండే సుఖం ఇక్కడి నుంచి చెబుతారు. చదువు కూడా ఇందులోనే చూసేవాళ్లున్నారు.

ఏడోది కళత్ర భావం. లగ్నానికి సరిగ్గా ఎదురు. నాకు ఎదురుగా నిలబడే మనిషి అన్నమాట. జీవిత భాగస్వామి, వ్యాపారంలో వాటాదారు ఇద్దరూ ఇక్కడే.

పదోది కర్మ భావం. అందరికీ కనపడే ఎత్తు. ఉద్యోగం, వృత్తి, నలుగురిలో పేరు, అధికారం దీని లెక్క. నాలుగుకు ఇది ఎదురు. అందుకే ఇంటికీ బయటి పనికీ మధ్య లాగులాటను ఈ రెండు ఇళ్లనూ కలిపి చూసి చెబుతారు.

మిగతా ఎనిమిది ఇళ్లు

రెండోది ధనం, కుటుంబం, మాట. మూడోది తోబుట్టువులు, ధైర్యం. ఐదోది సంతానం, బుద్ధి. ఆరోది శత్రువు, రోగం, అప్పు. ఎనిమిదోది ఆయుష్షు, ఊహించని ఆటంకాలు. తొమ్మిదోది భాగ్యం, ధర్మం. తండ్రిని కూడా చాలామంది ఇక్కడి నుంచే చూస్తారు. పదకొండోది లాభం. పన్నెండోది ఖర్చు, దూర ప్రయాణం, నిద్ర, చివరికి మోక్షం.

ఒక్క పావుగంట.. ఏడో ఇల్లు ఆరోదైపోతుంది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అదే జనవరి 16న కుజుడు కర్కాటక రాశిలో, సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉన్నాడు. ఆ ఉదయం మారేడుమిల్లిలో ఒక పాప పుట్టిందనుకుందాం. ఇంట్లో వాళ్లకి గుర్తున్నది "ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య" అని మాత్రమే.

ఆ రోజు అక్కడ మకర లగ్నం సుమారు 8.23 వరకు ఉండి, తర్వాత కుంభ లగ్నం మొదలైంది. పాప 8.10కి పుట్టి ఉంటే మకర లగ్నం. మకరం నుంచి కర్కాటకం ఏడోది. కుజుడు ఏడో ఇంట. మన వైపు లగ్నం నుంచి 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడుంటే కుజ దోషం అంటారు కాబట్టి ఈ జాతకం ఆ లెక్కలోకి వస్తుంది. అదే పాప 8.30కి పుట్టి ఉంటే కుంభ లగ్నం. అప్పుడు కర్కాటకం ఆరోది. లగ్నం నుంచి చూస్తే దోషం అనే మాటే రాదు. గ్రహాలు కదల్లేదు, రాశులు మారలేదు. ఇంటి నంబర్ మాత్రమే మారింది.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఏడో ఇంట కుజుడు ఉన్నా అది కర్కాటకమో మకరమో అయితే దోషం లేదని మినహాయింపు చెప్పే సంప్రదాయం ఉంది. అలాగే చంద్రుడి నుంచి, శుక్రుడి నుంచి కూడా కుజుణ్ని లెక్కించేవాళ్లున్నారు. కాబట్టి "దోషం ఉంది" అన్నప్పుడు దేని నుంచి లెక్కపెట్టారు, మినహాయింపు చూశారా అని అడగడం మీ హక్కు.

యాప్‌లో ఊరు మారితే?

ఫోన్‌లో జాతకం వేసేటప్పుడు లిస్టులో మారేడుమిల్లి కనిపించదు. చాలామంది హైదరాబాద్ అని కొట్టేస్తారు. ఇదే పెద్ద పొరపాటు. మన గడియారాలన్నీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తాయి. మారేడుమిల్లి దానికి దగ్గరే, తేడా మూడు నిమిషాలే. హైదరాబాద్ పడమటికి చాలా దూరం, తేడా సుమారు 16 నిమిషాలు. అంటే అదే రాశి హైదరాబాద్‌లో 13 నిమిషాలు ఆలస్యంగా పైకి వస్తుంది. మన ఉదాహరణలో 8.30కి మారేడుమిల్లిలో కుంభ లగ్నం. ఊరు హైదరాబాద్ అని పెడితే యాప్ మకర లగ్నం చూపిస్తుంది. లేని కుజ దోషం వచ్చి కూర్చుంటుంది! మారేడుమిల్లి దొరక్కపోతే రాజమహేంద్రవరం పెట్టండి. రెండూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి కాబట్టి తేడా రాదు.

ఇంకో తికమక చక్రం బొమ్మతో. మన దగ్గర వేసే చదరపు చక్రంలో రాశులు కదలవు. లగ్నం ఏ గడిలో రాసి ఉంటే అది ఒకటో ఇల్లు, అక్కడి నుంచి గడియారం ముల్లు తిరిగే వైపు లెక్కపెట్టాలి. కొన్ని యాప్‌లు ఉత్తరాది పద్ధతిలో, వజ్రం ఆకారపు గడులతో చూపిస్తాయి. అందులో పైన మధ్య గడి ఎప్పుడూ ఒకటో ఇల్లే. ఆ గడిలో ఉండే అంకె రాశి నంబర్. అక్కడ 10 అని ఉంటే పదో ఇల్లు కాదు, మకర లగ్నం అని అర్థం.

మీ జాతకం సరిగ్గా ఉందా? మీరే చూసుకోండి

జాతకంలో 'ర' అని రాసిన గడి చూడండి, అది రవి. తెల్లవారుతుండగా పుడితే రవి ఒకటో ఇంట్లో, మధ్యాహ్నం అయితే పదిలో, సాయంత్రం ఏడులో, అర్ధరాత్రి నాలుగులో ఉండాలి. ఒక ఇల్లు అటూ ఇటూ కావచ్చు, అంతకన్నా తేడా రాదు. పొద్దు ఎక్కే కొద్దీ సూర్యుడు ఒకటి నుంచి పన్నెండు, పదకొండు, పది.. ఇలా వెనక్కి వెళ్తాడు. మధ్యాహ్నం పుట్టిన మనిషికి రవి నాలుగో ఇంట్లో ఉంటే పగలూ రాత్రీ తారుమారు చేసి టైమ్ కొట్టారన్నమాటే.

కొండ ప్రాంతంలో ఇంకో జాగ్రత్త. మారేడుమిల్లి చుట్టూ కొండలే కాబట్టి సూర్యుడు కనిపించేది పంచాంగంలో రాసిన ఉదయం కన్నా ఆలస్యంగా. లగ్నం లెక్కకు కొండ అడ్డు ఉండదు, చదునైన నేల మీద తూర్పు అంచునే తీసుకుంటారు. "ఎండ పడుతుండగా పుట్టాడు" అనే గుర్తును సూర్యోదయం అనుకుంటే టైమ్ తప్పుతుంది.

తర్వాత లగ్నం ఎన్ని డిగ్రీల్లో ఉందో చూడండి. ప్రతి రాశికి 30 డిగ్రీలు, డిగ్రీకి సుమారు నాలుగు నిమిషాలు. లగ్నం 10, 20 డిగ్రీల మధ్య ఉంటే పావుగంట పొరపాటు వచ్చినా ఇళ్లు మారవు. 3 డిగ్రీల లోపు, లేదా 27 దాటి ఉంటే మాత్రం టైమ్ కచ్చితంగా తెలిస్తేనే ఆ జాతకం మీద మాట్లాడాలి. జనన ధ్రువీకరణ పత్రంలో తేదీ, స్థలం ఉంటాయి కానీ సమయం ఉండదు. ఆసుపత్రిలో కాన్పు అయితే కేస్ షీట్‌లోనో డిశ్చార్జ్ కాగితంలోనో నిమిషాలతో రాసి ఉండే అవకాశం ఉంది. ఆ కాగితం దాచుకోండి. ఇంట్లో కాన్పు జరిగి టైమ్ ఎవరికీ సరిగ్గా తెలియకపోతే, ఏడో ఇంట్లో ఏముందో ఏ జ్యోతిష్యుడూ కచ్చితంగా చెప్పలేరు. అలాంటి జాతకం మీద సంబంధం వదులుకునే ముందు ఈ ఒక్క సంగతి ఆలోచించండి.

గమనిక: ఏ సమయానికి ఏ రాశి తూర్పున ఉంటుందన్నది ఖగోళ లెక్క. ఇళ్లకు చెప్పిన ఫలితాలు జ్యోతిష సంప్రదాయంలో ఉన్న నమ్మకాలు మాత్రమే, వాటికి శాస్త్రీయ నిరూపణ లేదు.