రెండెత్తుల్లో మేట్: జవాబు కాదు, జాబితా రాయండి



"తెల్లవారి వంతు, రెండెత్తుల్లో మేట్" అనే చిక్కు ఇస్తే మన పిల్లల్లో చాలామంది వెంటనే చెక్ వెతుకుతారు. చెక్ దొరక్కపోతే ఏదో ఒక ఎత్తు ఊహించి రాసేస్తారు. ఊహ అక్కర్లేదు. జాబితా రాసుకుంటే జవాబు దానంతటదే బయటపడుతుంది. ఎలాగో చూద్దాం.

1837లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో పుట్టిన పాల్ మార్ఫీ పేరున ప్రసిద్ధమైన చిక్కు ఇది. ఇంట్లో బోర్డు మీద పేర్చండి. బోర్డు అంచున ఉండే ఎ, బి, సి అక్షరాలు, అంకెలే గడుల పేర్లు. ఏనుగు అంటే నేరుగా నడిచేది, శకటు అంటే ఐమూలగా నడిచేది.

తెల్లవి: రాజు సి8, ఏనుగు ఎ1, బంటు బి6.
నల్లవి: రాజు ఎ8, శకటు బి8, బంట్లు ఎ7, బి7.

ముందు నల్లరాజు చుట్టూ ఉన్న గడులు చూడండి. మూడే ఉన్నాయి: ఎ7, బి7, బి8. మూడింటిలోనూ సొంతవాళ్లే కూర్చున్నారు. శకటు లేచిపోయి బి8 ఖాళీ అయినా, పక్కనే మన రాజు ఉన్నాడు కాబట్టి అక్కడికి రాలేడు. అంటే నల్లరాజుకు ఇప్పటికే దారి లేదు. మనకు కావలసింది అడ్డుకోలేని ఒక చెక్ మాత్రమే.

ఇప్పుడు చెక్‌ల జాబితా. వెతికితే ఒక్కటే ఉంది: ఏనుగుతో ఎ7 బంటును కొట్టడం. శకటు ఆ ఏనుగును కొట్టేస్తుంది. ఆ తర్వాత మనకు మేట్ లేదు. చెక్‌ల జాబితా అయిపోయింది.

కాబట్టి జవాబు చెక్ లేని ఎత్తే. అవి పదిహేను ఉన్నాయి. అన్నీ ఆడి చూడక్కర్లేదు. ఒక ప్రశ్న వేసుకోండి: ఇప్పుడు నల్లవారి వంతే అయితే ఏం ఆడగలరు? శకటు ఎటు జరిగినా మన ఏనుగు ఎ7 బంటును కొడితే మేట్. బి6 బంటు కాపు ఉంది కాబట్టి రాజు ఏనుగును తినలేడు. బి7 బంటుకు ఎదురుగా మన బంటు ఉంది, కదలదు. ఎ7 బంటు మన బి6 బంటును కొట్టలేదు, పక్కకు తప్పుకుంటే వెనకున్న రాజుకు ఏనుగు చెక్ తగులుతుంది. కానీ అది నేరుగా ఎ6కో, ఎ5కో జరగగలదు. ఆ రెండింటికే మన దగ్గర మేట్ లేదు.

చిక్కు ముడి ఇప్పుడు దొరికింది కదా! ఎ7 బంటును కదలకుండా ఆపాలి, ఏనుగు ఆ వరుస వదలకూడదు. ఏనుగును ఎ2 నుంచి ఎ5 దాకా ఎక్కడ పెట్టినా బంటు ఎ6కు వచ్చేస్తుంది. రాజును కదిపినా అంతే. ఏనుగు పక్కకు వెళితే ఎ7 బంటు మన బంటును కొట్టేస్తుంది. మన బంటుతో ఎ7ను కొడితే శకటు తిరిగి కొడుతుంది. మిగిలింది ఒక్కటే: ఏనుగు ఎ6.

అక్కడ ఏనుగును బి7 బంటు ఉత్తపుణ్యానికి కొట్టేయగలదు, అందుకే చాలామంది ఈ ఎత్తును చూడనైనా చూడరు. కొట్టనివ్వండి. బి7 గడి ఖాళీ అయింది, మన బంటు బి7కు వెళ్లి చెక్ ఇస్తుంది. రాజు దాన్ని తినలేడు, మన రాజు కాపు ఉన్నాడు. ఎ7లో సొంత బంటు, బి8లో సొంత శకటు. మేట్! ఏనుగును కొట్టకుండా శకటును జరిపితే ముందు చెప్పినట్టే ఎ7లో మేట్. నల్లవారికి వేరే ఎత్తు లేదు. "ఈసారి ఆడను" అనడానికి చదరంగంలో వీల్లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. "ఏనుగు ఎ6, బంటు కొట్టును, బంటు బి7 మేట్" అని ఒక్క వరుస రాస్తే లెక్క పూర్తి కాదు. ఏనుగు ఎ6 తర్వాత నల్లవారికి ఏడు ఎత్తులున్నాయి: బంటుది ఒకటి, శకటువి ఆరు. ఏడింటికీ ఎదురుగా మన మేట్ రాసి ఉండాలి. ఒక్కదానికి రాయలేకపోయినా మొదటి ఎత్తు తప్పన్నమాటే.

తల్లిదండ్రులకు ఒక మాట: చదరంగం మీకు బాగా రాకపోయినా ఫర్వాలేదు. నల్లవైపు మీరు కూర్చుని, ఆడగలిగిన ప్రతి ఎత్తూ ఆడి చూడండి. మీకు ఒక్క ఎత్తులో తప్పించుకునే దారి దొరికినా, పిల్లవాడు మళ్లీ జాబితా దగ్గరకు వెళ్లాలి.

పిల్లలూ, ఇంటిపని: పావులన్నీ అలాగే ఉంచి తెల్లరాజును మాత్రం సి8 నుంచి డి7కు జరపండి. ఇప్పుడు ఏనుగు ఎ6 పనిచేస్తుందా? నల్లవారి ఏ ఎత్తుకు మేట్ తప్పిపోతుందో, ఎందుకో నోటుపుస్తకంలో రాసి తీసుకురండి.

— ప్రధానోపాధ్యాయుడు