జిగురు నెక్కా, నాలుగు స్క్రూల నెక్కా?

మా అక్క కొడుకు ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాడు. కాలేజీ బ్యాండులో రాక్ వాయిస్తాడు. ఎలక్ట్రిక్ గిటార్ కావాలని ఏడాదిగా వాళ్లమ్మ వెంటపడుతుంటే, చివరికి ఎంచిపెట్టే పని నాకొచ్చింది. దుకాణంలో ఇద్దరం రెండు గిటార్ల ముందు ఆగాం. ఒకటి లెస్ పాల్ తరహాది. దాని బాడీకి నెక్ కలిసేచోట ఒకవైపే కోత ఉంటుంది. బాడీ, నెక్ రెండూ మహోగనివే, రెంటినీ జిగురుతో అతికిస్తారు. రెండోది స్ట్రాటోకాస్టర్ తరహాది. దానికి రెండువైపులా కోత ఉంటుంది, మేపుల్ నెక్‌ను వెనక నుంచి నాలుగు స్క్రూలతో బిగిస్తారు.

"మహోగని అంటే లావు సౌండ్, మేపుల్ అంటే షార్ప్ సౌండ్. అంతే కదా మామయ్యా?" అన్నాడు.

అందరూ చెప్పే మాటే ఇది. ఈ రెండు గిటార్ల గొంతుల్లో తేడా ఉన్నది నిజమే. అయితే అందులో పెద్ద వాటా చెక్కది కాదు.

ముందు ఆ తేడా విందామని ఒకే యాంప్‌కి రెంటినీ ఒకదాని తర్వాత ఒకటి కలిపించాను. డిస్టార్షన్ బాగా పెంచి, యాంప్ మీద ఒక్క గుండీ కూడా మార్చకుండా, రెంటి మీదా అదే పవర్ కార్డ్ వాయించమన్నాను. లెస్ పాల్ తరహా గిటార్ మీద రెండు స్వరాలూ కరిగి ఒకే ముద్దయ్యాయి. శబ్దం గుండెకు తగిలింది, ఆగమనేదాకా ఆగలేదు. స్ట్రాట్ మీద అదే కార్డ్ వాయిస్తే పిక్ తీగను తాకిన చప్పుడు విడిగా వినబడింది. రెండు స్వరాలూ దేనికది తెలిశాయి, కింది శబ్దం పలచబడింది.

ఈ తేడాకు మొదటి కారణం పికప్. తీగల కింద ఉండే అయస్కాంతమూ దాని చుట్టూ చుట్టిన సన్నని రాగితీగా కలిసి తీగ కదలికను కరెంటుగా మారుస్తాయి. స్ట్రాట్ 1954లో వచ్చినప్పటి నుంచీ దానికి ఒంటి చుట్ట పికప్‌లు మూడుంటాయి. లెస్ పాల్ 1952లోనే వచ్చింది కానీ, మనం ఇవాళ దాని గొంతు అనుకునేది 1957లో హంబకర్ పికప్ చేరాకే పుట్టింది. హంబకర్‌లో పక్కపక్కనే రెండు చుట్టలుంటాయి. అవి తీగ మీద ఎక్కువ మేర కదలికను పట్టుకుంటాయి, యాంప్‌ను గట్టిగా తోస్తాయి, పైస్థాయి మెరుపును కొంత మింగేస్తాయి. మనం లావు అంటున్నది ఎక్కువగా ఇదే.

రెండో కారణం తీగ పొడవు. స్ట్రాట్ మీద మోగే తీగ పొడవు 25.5 అంగుళాలు, లెస్ పాల్ మీద సుమారు 24.75. ముప్పావు అంగుళమే కదా అనిపిస్తుంది. కానీ అదే లావు తీగను అదే శ్రుతికి బిగిస్తే, పొట్టి గిటార్ మీద బిగువు దాదాపు 6 శాతం తగ్గుతుంది. బ్లూస్, రాక్ సోలోల్లో తీగను పక్కకు లాగి స్వరం పెంచుతారు చూడండి, ఆ పని వేళ్లకు అక్కడ తేలికవుతుంది. బిగువెక్కువైన పొడవు తీగ కింది స్వరాల్లో గంటలా స్పష్టంగా మోగుతుంది.

చెక్కకూ నెక్ కలిపే పద్ధతికీ ప్రభావం లేదనను. అది మూడో స్థానంలో ఉంటుందంటాను. కోత సంగతైతే, పై ఫ్రెట్లకు చెయ్యి అందడానికే తప్ప శబ్దానికి దాదాపు సంబంధం లేదు. టెలికాస్టర్‌కి ఒకవైపే కోత, కానీ స్క్రూల మేపుల్ నెక్. లెడ్ జెప్లిన్ మొదటి ఆల్బమ్ 1969లో వచ్చింది. అందులో జిమ్మీ పేజ్ ఎక్కువగా వాయించింది ఆ టెలికాస్టరే. లెస్ పాల్‌కి పర్యాయపదంలాంటి మనిషి, అంత బరువైన శబ్దాన్ని స్క్రూల గిటార్ మీద తెచ్చాడు. అందుకే తక్కువ ధర గిటార్ల మీద పులిచారల మేపుల్ చూసి ఎక్కువ డబ్బు పెట్టొద్దని చెబుతాను. అది చాలాసార్లు అందానికి అతికించిన పల్చటి పొర మాత్రమే.

దుకాణంలో చాలామంది చేయని పరీక్ష ఒకటుంది. డిస్టార్షన్ పెంచి, తీగలను అరచేత్తో మూసి, ఊరికే నిలబడాలి. మేమలా నిలబడగానే స్ట్రాట్ నుంచి 'మ్‌మ్' అని రొద మొదలైంది. ఒంటి చుట్ట పికప్ తీగతో పాటు మన ఇళ్ల 50 హెర్ట్జ్ కరెంటునూ వింటుంది. ట్రాన్స్‌ఫార్మర్, ఫ్యాన్ రెగ్యులేటర్ దగ్గరుంటే రొద ఇంకా పెరుగుతుంది. హంబకర్‌లో రెండు చుట్టలూ ఎదురెదురుగా పనిచేసి ఆ రొదను చంపేస్తాయి. దానికా పేరు వచ్చింది అందుకే. స్ట్రాట్ స్విచ్‌ను రెండో స్థానంలోనో నాలుగో స్థానంలోనో పెడితే రెండు పికప్‌లు కలిసి పనిచేస్తాయి. ఇప్పటి గిటార్లలో చాలావాటికి అక్కడ కూడా రొద తగ్గిపోతుంది. మార్క్ నాఫ్లర్ పాటల్లో వినబడే ఆ గాజు గొంతు పుట్టేదీ ఆ నడిమి స్థానాల్లోనే.

ఇక దెబ్బల సంగతి. లెస్ పాల్ తరహా గిటార్‌కి తల భాగం వెనక్కి వాలి ఉంటుంది. దాని మెడ దగ్గర, లోపలి ఇనప కడ్డీని బిగించేచోట చెక్క సన్నగా ఉంటుంది. స్టాండ్ మీద నుంచి వెల్లకిలా పడితే విరిగేది అక్కడే. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే ఆ చోటు వెనక సెల్‌ఫోన్ లైటు ఏటవాలుగా వేసి చూడండి. పాలిష్‌లో వెంట్రుకంత గీత కనిపిస్తే అతుకు ఉన్నట్టే. మంచి అతుకుతో గిటార్ బాగానే మోగుతుంది కానీ, ధర బాగా తగ్గించి అడగాలి. స్ట్రాట్ తల నెక్‌తో ఒకే సాఫులో ఉంటుంది, అంత తేలిగ్గా విరగదు. నెక్ పాడైనా నాలుగు స్క్రూలు విప్పి కొత్తది వేయొచ్చు. దాని ఇబ్బంది ట్రెమెలో కడ్డీతో. గట్టిగా మూడుసార్లు నొక్కి వదిలి, శ్రుతి నిలిచిందో లేదో చూడాలి. రెంటినీ పట్టీతో భుజానికి వేసుకుని పావుగంట నిలబడాలి కూడా. లెస్ పాల్ తరహావి నాలుగు కిలోలు దాటడం మామూలే.

"మీ బ్యాండులో ఇంకో గిటార్ ఏంటిరా?" అని అడిగాను.

"హంబకర్లదే మామయ్యా. వాడెప్పుడూ ఫుల్ డిస్టార్షనే."

ఈ సంగతి నాకు చాలా ముఖ్యం. రెండు లావు గిటార్లు ఒకే చోట మోగితే బేస్‌తో, డ్రమ్స్‌తో కలిసి ఎవరి స్వరమూ వినబడదు. సన్నగా, అంచుతో ఉండే శబ్దం ఆ రద్దీలోంచి బయటికొస్తుంది. వీడు ఒంటరిగా త్రీ పీస్ బ్యాండులో వాయిస్తుంటే, మొత్తం ఖాళీ నింపడానికి నేను ఆలోచించకుండా లెస్ పాల్ తరహానే తీసుకోమనేవాణ్ణి.

దుకాణంవాళ్లు మూడో గిటార్ తెచ్చారు. అదీ స్ట్రాట్ రూపమే, అదే మేపుల్ నెక్, కానీ బ్రిడ్జి దగ్గర మాత్రం హంబకర్ పెట్టారు. వాడు స్విచ్‌ను ఆ చివరికి తిప్పి మొదటి పవర్ కార్డే మళ్లీ వాయించాడు. రొద లేదు, శబ్దం చిక్కబడింది. లెస్ పాల్ అంత ముద్ద కాలేదు, స్వరాల మధ్య గీత ఇంకా ఉంది. అది పొడవు తీగ వాటా. స్విచ్‌ను నడిమి స్థానానికి తిప్పితే గాజు గొంతు తిరిగొచ్చింది. వాడి ముఖం చూస్తే బేరం కుదిరిందని తెలిసిపోయింది.

బిల్లు రాయించే ముందు నెక్‌ను కంటికి ఎత్తిపట్టి చూశాను. సన్న తీగ నెక్ అంచుకు మరీ దగ్గరగా వెళుతోంది. వేలితో కాస్త గట్టిగా లాగితే ఫ్రెట్ అంచు దాటి జారిపోతోంది. దుకాణం అబ్బాయి స్క్రూలు కొద్దిగా వదులుచేసి, నెక్‌ను పక్కకు వెంట్రుకవాసి జరిపి మళ్లీ బిగించాడు. తీగ మధ్యకు వచ్చింది. అప్పుడు డబ్బులిచ్చాం.